ఓడ ప్రైవేటుది, తుపాకీ ఎవరిది?

యాంకర్: ఒడిశాలోని గోపాల్‌పూర్ నుంచి ఒక మత్స్యకారుడు లైన్‌లో ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్కారం మేడమ్. రాత్రి వేటకెళితే పెద్ద ఓడలు మా పక్క నుంచే పోతుంటాయి. అప్పుడు కేరళలో ఇటలీ వాళ్ళు కాల్చిన కేసు గుర్తొస్తుంది. కాల్చినవాళ్ళు ఇంటికి పోయారు, డబ్బు మాత్రం వచ్చిందంటారు. ప్రాణానికి బేరమా మేడమ్?

లాయర్: కోపం రావడం న్యాయమే అన్నా. జరిగింది చెబుతా. 2012 ఫిబ్రవరి 15న 'సెయింట్ ఆంటోనీ' చేపల బోటు మీద కాల్పుల్లో ఇద్దరు మన మత్స్యకారులు చనిపోయారు. 'ఎన్రికా లెక్సీ' ప్రైవేటు ఆయిల్ ట్యాంకరే. కానీ కాల్చింది అందులో సముద్రపు దొంగల నుంచి కాపలాకని ఉన్న ఇటలీ నేవీ మెరైన్లు. డ్యూటీలో ఉన్న సైనికుడు చేసిన పని ఆ దేశం చేసినట్టే లెక్క. కేసంతా ఈ ఒక్క ముడి దగ్గరే ఉంది. వాళ్ళు ప్రభుత్వ మనుషులు కాబట్టే మన కోర్టులో వాళ్ళను విచారించకూడదని 2020లో రెండు దేశాల తగవు విన్న అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ చెప్పింది. అదే కారణంగా బాధ్యత ఇటలీ మెడకు చుట్టుకుంది. మన బోటు సముద్రంలో తిరిగే హక్కుకు ఇటలీ భంగం కలిగించిందని తేల్చింది.

కాలర్: మరి శిక్ష?

లాయర్: దేశానికి జైలు ఉండదు కదన్నా. చెడిన దాన్ని మునుపటిలా చేసివ్వాలి. పోయిన ప్రాణం తిరిగి రాదు కాబట్టి పరిహారం ఇవ్వాలంది. ప్రాణాలకు, గాయాలకు, బోటు నష్టానికి, అందులో ఉన్నవాళ్ళు పడ్డ మానసిక క్షోభకు కూడా. ఇక మన దేశానికి జరిగిన అవమానానికి 'తప్పు ఇటలీదే' అన్న తీర్పే చాలంది. నాకైతే అది తక్కువే అనిపించింది. మొత్తం 10 కోట్లు వచ్చింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 4 కోట్ల చొప్పున, బోటు యజమానికి 2 కోట్లు అన్నారు. కూలికి వెళ్ళిన మిగతావాళ్ళు మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళితే, ఆ 2 కోట్లలోంచి తలా 5 లక్షలు ఇప్పించారు.

కాలర్: కాపలావాళ్ళు కంపెనీ పెట్టుకున్న సెక్యూరిటీ అయితే?

లాయర్: అప్పుడు కథ మారిపోతుంది. ప్రభుత్వం ఆదేశించిందనో, ఆ పనిని తన అదుపులో నడిపించిందనో చూపించాలి. అది చాలా కష్టం. అలాంటప్పుడు ఓడ యజమాని మీదే వెళ్ళాలి. ఓడ మీ బోటును గుద్దినా అంతే. ఓడల తగవులకున్న 2017 అడ్మిరాల్టీ చట్టం కింద ఒడిశా హైకోర్టు ఓడనే ఆపించగలదు, అది మన జలాల్లో ఉండగా అడగాలి. దేశం మీద కేసైతే మీరు నేరుగా వేయలేరు, ఢిల్లీయే నడపాలి.

కాలర్: చీకట్లో ఓడ పేరెక్కడ కనిపిస్తుంది మేడమ్?

లాయర్: కనిపించకపోయినా జీపీఎస్‌లో పొజిషన్, టైము రాసి పెట్టుకోండి. పెద్ద ఓడలు ఏఐఎస్ అనే రేడియో పరికరంతో తమ ఆనవాలు పంపుతుంటాయి. ఆ టైముకి అక్కడ ఏ ఓడ ఉందో దానితో పోల్చి చూస్తారు. ఒడ్డుకు రాగానే మెరైన్ పోలీసులకు రాసివ్వండి, మరుసటి రోజు కాదు.