నమూనా పంపిన ఉత్తరంలో గడువు తేదీ ఏదీ?

(నెల్లూరులో పాత్రల దుకాణాల వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, స్టోన్‌హౌస్‌పేట, చిన్నబజారు నుంచి వచ్చిన అన్నలకు, పొదుపు సంఘాల తరఫున వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే. అయితే లారీ ఆఫీసులు మూసే వేళకు మీలో సగం మంది లేచి వెళ్లాలి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

కొత్త రకం సరుకు పెట్టినప్పుడు హోల్‌సేల్ వ్యాపారికి ఉత్తరం ఎలా రాయాలన్నది ఈ రోజు విషయం. ఉదాహరణకు ఉదయగిరి చెక్క సామాను తీసుకుందాం. ఇన్నాళ్లూ స్టీలు పాత్రలు అమ్మిన నెల్లూరు దుకాణదారు ఒకాయన ఇప్పుడు అట్లకాడ, గరిటె, తెడ్డు, చెంచా, ఈ నాలుగు రకాలూ చెక్కలో పెట్టి విజయవాడలోని టోకు వ్యాపారికి పంపాలనుకున్నాడు అనుకోండి. మామూలుగా ఆయన ఏం రాస్తాడు? ‘శాంపిళ్లు పంపుతున్నాం, చూసి చెప్పగలరు. నచ్చితే ఆర్డరు ఇవ్వగలరు.’ అంతే. చూసి చెప్పాలి, సరే. ఎప్పటిలోగా? చెప్పకపోతే ఏమవుతుంది? నాకు కష్టం కలిగించేది ఈ ఖాళీయే. ఆ ఖాళీలో పడి నలిగేది దుకాణదారు ఒక్కడే కాదు, అవతల ఉదయగిరిలో కూర్చుని చెక్క చెక్కే మనిషి కూడా.

ముందు ఒక తేడా పట్టుకోండి. నమూనా వేరు, ట్రయల్ సరుకు వేరు. నమూనా అంటే చేతిలో పట్టుకుని, వాడి, నాణ్యం చూడటానికి ఇచ్చేది. ట్రయల్ సరుకు అంటే ఆయన కొట్లో పెట్టి అమ్మి చూడటానికి పంపేది. రెండూ ఒకే వాక్యంలో కలిపి రాస్తే, ట్రయల్‌కు పంపిన 240 ముక్కలను కూడా ‘శాంపిల్ గదా’ అని లెక్క తేల్చరు. కాబట్టి ఉత్తరంలో రెండు పేరాలు ఉండాలి.

నమూనా సంగతి. రకానికి మూడు చొప్పున పన్నెండు తీయండి. ఎనిమిది ఆయనకు వెళ్తాయి. రకానికి ఒకటి వాడి చూడటానికి, ఒకటి సంతకంతో సీలు వేసి దాచుకోవడానికి. మిగతా నాలుగూ అదే సీలుతో మీ దగ్గర ఉంటాయి. ఎందుకంత జాగ్రత్త అంటారా? 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 17వ సెక్షను నమూనా చూపి అమ్మిన సరుకు గురించే చెబుతుంది. పంపిన మొత్తం సరుకు నమూనాతో నాణ్యంలో సరిపోవాలి, పోల్చి చూసుకునే అవకాశం కొనేవాడికి ఉండాలి, నమూనాను మామూలుగా పరీక్షిస్తే కనపడని, సరుకును అమ్మకానికి పనికిరాకుండా చేసే లోపం ఏదీ ఉండకూడదు. స్టీలు గిన్నెకు ఇది సులువు. చెక్కకు? రెండు గరిటెల రంగు ఒకేలా ఉండదు, పోగు ఒకేలా ఉండదు. అందుకే నమూనా దేనికి నమూనాయో రాయండి: ‘పొడవు 30 సెంటీమీటర్లు, అర సెంటీమీటరు అటూ ఇటూ. పిడి మందం ఒక సెంటీమీటరు. నునుపు నమూనాలో ఉన్నట్టే ఉంటుంది. రంగు, పోగుల తీరు ముక్కముక్కకూ మారతాయి.’ ఈ చివరి వాక్యం రాయకపోతే, ముదురు రంగు ముక్కలు చూపి ‘నమూనా ఇలా లేదు’ అని పెట్టె మొత్తం తిప్పి పంపినా మీ దగ్గర జవాబుండదు.

పేరు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఉదయగిరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు ఉంది. వేరే చోట చేయించిన గరిటెను అదే పెట్టెలో వేసి ఉదయగిరి పేరు రాయొద్దు. ఉత్తరంలో రాసిన ఆ ఒక్క మాట మీ మీదికే కేసుగా తిరిగి వస్తుంది.

ఇప్పుడు కనపడని లోపం. చెక్కలో అది తడి. పచ్చి కర్రతో చేసిన గరిటె ఇక్కడ చూస్తే నున్నగానే ఉంటుంది. అది ఏసీ షోరూముకు వెళ్లి ఆరిందా, కొసల దగ్గర పోగు వెంట సన్నటి గీత లేస్తుంది, తర్వాత అదే చీలిక అవుతుంది. చెక్క ముందు కొసల నుంచే తడి వదులుతుంది కాబట్టి చీలిక కూడా అక్కడే మొదలవుతుంది. కనిపెట్టడానికి పెద్ద యంత్రమేం అక్కర్లేదు. గ్రాము లెక్క చూపే కాటా మీద నాలుగు ముక్కలు తూచి, వెనకవైపు పెన్సిలుతో బరువు రాసి, నీడలో గాలి తగిలేచోట వారం ఉంచండి. మళ్లీ తూచండి. బరువు ఇంకా తగ్గుతూ ఉంటే ఆ సరుకు పంపడానికి సిద్ధంగా లేదు. ఒక్క మాట, అక్కలూ, ముఖ్యంగా ప్యాకింగు చేసేది మీరే కాబట్టి. మెరుపు కోసం ప్లాస్టిక్ కవరులో బిగించి సీలు వేస్తారే, అది వద్దు. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే గదా. ఆ గాలిలో తడి పీల్చిన చెక్కను కవరులో మూస్తే లోపల నల్లటి, బూడిదరంగు చుక్కలు లేస్తాయి. అది బూజు. కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి.

లోపం కానిదాన్ని లోపం అనుకునే సందర్భం కూడా ఒకటుంది. చెక్క గరిటెను మొదటిసారి కడిగి ఆరబెడితే పోగులు లేచి చేతికి గరుకుగా తగులుతుంది. ఆయన కొట్లో పనివాడు కడిగి చూసి ‘సరుకు బాగాలేదు’ అంటాడు. ఉత్తరంలోనే రాయండి: ‘మొదటి కడుగుడుకు గరుకు రావడం సహజం. సన్న ఉప్పుకాగితంతో పోగు వెంట రుద్ది, కొబ్బరినూనె పలచగా పూయండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టవద్దు.’ వాడి చూడటానికి ఇచ్చిన నమూనాతో ఈ నాలుగు మాటల చీటీ కూడా వెళ్లాలి.

గడువు గురించి చెప్పకుండా ముందుకు పోలేను.

వెనక వరుసలో ఉన్న అన్నలూ, మీరు కూడా వినాలి. ‘నచ్చితే ఉంచుకోండి, లేకపోతే తిరిగి పంపండి’ అని పంపిన సరుకు ఎప్పుడు ఆయనదవుతుంది? అదే చట్టం 24వ సెక్షను చెబుతుంది. ఆయన సరే అన్నప్పుడు, లేదా తనదిగా భావించి ఏదైనా చేసినప్పుడు, అంటే ఒక గిరాకీకి అమ్మినప్పుడు. ఇవేమీ చేయకుండా, వద్దనీ చెప్పకుండా ఉంచుకుంటే? మీరు గడువు రాసి ఉంటే, ఆ గడువు దాటగానే. రాయకపోతే ‘సమంజసమైన కాలం’ గడిచాక. సమంజసమైన కాలం అంటే ఎన్నాళ్లు? ఆయన ఆరు నెలలంటాడు, మీరు ఆరు వారాలంటారు. తేల్చేది కోర్టు. గడువు తేదీ ఒక్కటి రాసి ఉంటే ఈ గొడవే పుట్టదు. మరి ఆ ఒక్క ముక్క రాయడానికి ఎందుకు మొహమాటం? తేదీ రాస్తే పెద్ద వ్యాపారి నొచ్చుకుంటాడనుకుంటారు. నొచ్చుకోడు. ఆయన కొనేచోట ఆయనా గడువు రాయించుకునే కొంటాడు.

ఇంకోటి. సరుకు ఆయనది కానంత వరకు మీదే. సొత్తు ఎవరిదో నష్టం వాళ్లది అన్నది 26వ సెక్షను మాట, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఆయన గోడౌనులో వాన నీళ్లు దిగి గరిటెలు ఉబ్బితే, ఏమీ రాసుకోకపోతే ఆ నష్టం మీ నెత్తిన పడే ప్రమాదముంది. అందుకే ‘సరుకు మీ గోడౌనుకు చేరినప్పటి నుంచి తిరిగి మా చేతికి వచ్చేదాకా తడి, నిప్పు, దొంగతనం బాధ్యత మీది’ అని రాసుకోవాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. రకానికి 60 చొప్పున 240 ముక్కలు, సగటున యాభై రూపాయలు, మొత్తం 12,000. పన్ను పక్కన పెట్టండి. సరుకు నవంబరు 3న చేరింది. గడువు 45 రోజులు, అంటే డిసెంబరు 18. ‘45 రోజులు’ అని మాత్రమే రాస్తే ఎప్పటి నుంచి అన్న వాదం వస్తుంది, అందుకే తేదీ కూడా రాయండి. 18న లెక్క వచ్చింది: 150 అమ్ముడయ్యాయి, 70 బాగున్నవి వాపసు, మిగిలింది 20. గొడవంతా ఈ ఇరవై దగ్గరే. వాటిలో 8 కొసల్లో పోగు వెంట చీలాయి. అది ఆరుదల లోపం, మీరు భరించాలి. 12 ముక్కల మీద మసాలా మరకలు, ధర చీటీ పీకిన జిగురు ఉన్నాయి. అవి వాడిన సరుకు, ఆయన కొన్నట్టే. కాబట్టి బిల్లు 162 ముక్కలకు, 8,100 రూపాయలు. అదే 18వ తేదీ దాటినా ఆయన నుంచి మాటే లేదనుకోండి, 12,000కూ బిల్లు వేసే హక్కు మీకు వస్తుంది. తేదీ లేకపోతే ఆ హక్కు గాలిలో ఉంటుంది.

పన్ను గురించి క్లుప్తంగా. జీఎస్టీ రిజిస్ట్రేషను ఉన్నవాళ్లు ట్రయల్ సరుకును డెలివరీ చలానా మీద పంపాలి. ఆయన సరే అన్నప్పుడు లేదా సరుకు బయల్దేరిన ఆరు నెలలకు, ఏది ముందైతే అప్పుడు ఇన్వాయిసు. ఉచితంగా ఇచ్చిన నమూనా మీద, కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం పన్నులో తగ్గించుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఎనిమిది ముక్కలు ఉచితమని రాసేముందు ఆ పన్ను ఖర్చులో కలుపుకోండి.

ఇక ఉత్తరం చదువుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

‘అయ్యా, నమస్కారం. ఉదయగిరి చెక్క సామాను నాలుగు రకాలు మా దుకాణంలో కొత్తగా మొదలుపెట్టాం. రకానికి రెండు చొప్పున 8 నమూనాలు ఉచితంగా పంపుతున్నాం. సీలు ఉన్న నాలుగూ దాచి, మిగతా నాలుగు వాడి చూడగలరు. కొలతలు, వాడే పద్ధతి వెంట ఉన్న చీటీలో ఉన్నాయి. 

నమూనాలు నచ్చితే, అమ్మి చూడటానికి 240 ముక్కలు చలానా మీద పంపుతాం. గడువు సరుకు చేరిన 45వ రోజు; ఆ తేదీని మీ చేత చలానా మీద వేయిస్తాం. ఆలోగా వద్దన్న సరుకు వారంలో బయల్దేరాలి, లారీ కిరాయి మాది. పోగు వెంట చీలినవి మా లెక్క. మరక పడినవి, సరుకు మీ గోడౌనుకు చేరినప్పటి నుంచి తిరిగి మా చేతికి వచ్చేదాకా తడిసినవి, కాలినవి, కనపడకుండా పోయినవి మీ లెక్క. గడువులోగా మాట రాకపోతే మొత్తం సరుకు మీరు కొన్నట్టు. బిల్లు అందిన 15 రోజుల్లో సొమ్ము పంపగలరు. ఇవి సమ్మతమైతే రెండో ప్రతి మీద సంతకం, ముద్ర వేసి తిప్పి పంపగలరు.’

ఆ రెండో ప్రతి మీ చేతికి వచ్చేదాకా 240 ముక్కల పెట్టె లారీ ఎక్కించకండి. నమూనాలు వెళ్తే వెళ్లాయి. పెట్టె మాత్రం సంతకం తర్వాతే. ఇక మీ సంచుల్లో ఉన్న పాత ఉత్తరాలు తీయండి, గడువు తేదీ లేనివి ఎన్నో ఇక్కడే చూద్దాం.