తిరిగి రాగల చివరి నిమిషం

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. నన్ను గురించి పరిచయకర్త చెప్పిన మంచి మాటలలో సగం నిజం కాదు, మిగిలిన సగానికి సమయం లేదు. నాకు కేటాయించినది నలభై నిమిషాలే. అందులో నేను చెప్పదలచుకున్నది ఒక్క లెక్క గురించి మాత్రమే. సముద్రం మీద ఎగిరే విమానం ఎంత దూరం వెళ్ళి వెనక్కి తిరగగలదు? ఆ హద్దును పాయింట్ ఆఫ్ నో రిటర్న్ అంటారు. వైమానిక పాఠాలలో ఇప్పుడు ఎక్కువగా పాయింట్ ఆఫ్ సేఫ్ రిటర్న్ అని రాస్తున్నారు. రెండూ ఒకటే, భయపెట్టడంలోనే తేడా.

ముందుగా ఒక ఫిర్యాదు. నావిగేటరు ఉద్యోగం విరమించాక నేను చాలా తరగతులలో ఈ ప్రశ్న అడిగాను. "సగం ఇంధనం అయిపోయే చోటు" అన్న జవాబు ప్రతి తరగతిలోనూ వచ్చింది. గాలి అసలు వీచని లోకంలో, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇంధనం ఒకే తీరున ఖర్చయ్యే విమానానికి ఆ జవాబు సరిపోతుంది. అలాంటి లోకంలో నేను ఒక్కరోజు కూడా ఎగరలేదు.

ఈ లెక్క నిజంగా అవసరమయ్యే మార్గాన్నే తీసుకుందాం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి అంటార్కిటికాలోని మెక్‌మర్డో స్థావరానికి సుమారు 2,070 నాటికల్ మైళ్ళు. దారిలో సముద్రం, ఆ తరువాత మంచు. గమ్యం దగ్గర పొగమంచు కమ్మితే దిగడానికి, అక్కడికి దగ్గరలో, వేరే వాతావరణం ఉన్న మరో మంచి విమానాశ్రయమేదీ లేదు. మన చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్ళే విమానం సంగతి వేరు. అది సుమారు 1,370 కిలోమీటర్ల ప్రయాణం కాబట్టి ద్వీపం మీదిదాకా వెళ్ళి, వాన తగ్గకపోతే తిరిగి చెన్నైకి రావడానికి సరిపడా ఇంధనం నింపుకోవచ్చు. అప్పుడు తిరుగు హద్దు గమ్యాన్ని దాటి పడుతుంది, ప్రశ్నే ఉండదు. మెక్‌మర్డోకు వెళ్ళే చాలా విమానాలకు ఆ వెసులుబాటు లేదు.

మన విమానం నాలుగు ఇంజన్ల టర్బోప్రాప్ అనుకుందాం. అంకెలు సులువుగా ఉండాలని నేను ఎంచుకున్నవే. గాలిలో దాని వేగం గంటకు 300 నాటికల్ మైళ్ళు, అంటే 300 నాట్లు. ట్యాంకులలో పన్నెండు గంటలకు సరిపడే ఇంధనం ఉంది. అందులో రెండు గంటల ఇంధనాన్ని తాకకూడదు. తిరిగి వచ్చాక క్రైస్ట్‌చర్చ్ మీద వేచి ఉండవలసి రావచ్చు, లేదా పక్క విమానాశ్రయానికి పోవలసి రావచ్చు. కాబట్టి లెక్కలోకి వచ్చేది పది గంటలు. దీనినే సేఫ్ ఎండ్యూరెన్స్ అంటారు. తప్పుల జాబితాలో మొదటిది ఇక్కడే ఉంది. పన్నెండుతో లెక్క మొదలుపెట్టినవాడికి ఆపైన సూత్రమెంత సరిగ్గా వచ్చినా ప్రయోజనం లేదు.

ఆ పది గంటలను E అందాం. నేల మీద కొలిచినప్పుడు వెళ్ళే వేగం O, తిరిగి వచ్చే వేగం H, బయలుదేరిన తరువాత తిరగవలసిన సమయం T. వెళ్ళిన దూరం, వచ్చే దూరం ఒకటే కదా. వెళ్ళిన దూరం O ను T తో హెచ్చిస్తే వస్తుంది, తిరుగు దూరం H ను మిగిలిన సమయంతో హెచ్చిస్తే వస్తుంది. ఆ రెండింటినీ సమానం చేస్తే:

T = E × H / (O + H)

గాలి లేకపోతే T అయిదు గంటలు, దూరం 1,500 మైళ్ళు. ఇప్పుడు 40 నాట్ల ఎదురుగాలి పెడదాం. వెళ్ళేటప్పుడు 260, వచ్చేటప్పుడు 340. పదిని 340 తో హెచ్చించి 600 తో భాగిస్తే 5 గంటల 40 నిమిషాలు. దూరం 1,473 మైళ్ళు. అదే గాలి వెనుక నుంచి వీస్తే వెళ్ళేటప్పుడు 340, వచ్చేటప్పుడు 260. సమయం 4 గంటల 20 నిమిషాలు, దూరం మళ్ళీ 1,473 మైళ్ళే.

దయచేసి ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడండి. దూరం మారలేదు, గడియారం గంటా ఇరవై నిమిషాలు మారింది. గాలి ఎటు నుంచి వీచినా తిరుగు హద్దు ఇంటివైపే జరుగుతుంది. గోదావరిలో లాంచీ ఎక్కినవారికి ఇది కొత్త కాదు. ఎదురు వెళ్ళేటప్పుడు పోగొట్టుకున్న సమయాన్ని, దిగువకు వచ్చేటప్పుడు పూర్తిగా రాబట్టుకోలేము, ఎందుకంటే నిదానంగా సాగే ప్రయాణంలో ఎక్కువసేపు గడుపుతాము. పక్కగాలి వీచినా విమానం ముక్కును గాలివైపు కొంత తిప్పి నడపవలసి రావడం వల్ల నేల మీది వేగం రెండు వైపులా తగ్గుతుంది. కాబట్టి గాలి లేని రోజే మంచి రోజు. ఈ ఒక్క విషయంలో గాలి ఎప్పుడూ మిత్రుడు కాదు.

ఇక్కడ నా సొంత కథ చెప్పక తప్పదు. వేరే విషయం మీద మాట్లాడమని పిలిచినా నేను ఇదే చెబుతానని నా భార్య ఫిర్యాదు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు శిక్షణ తరగతిలో సరిగ్గా ఇలాంటి లెక్కే ఇచ్చారు. 40 నాట్ల వెనుకగాలి, పది గంటల ఎండ్యూరెన్స్. వెనుకగాలి కాబట్టి విమానానికి మేలే జరుగుతుందని, సగానికి అయిదు గంటలు పెడితే తప్పేమీ ఉండదని నాకు తోచింది. కాగితం తిరిగి వచ్చింది. నా జవాబు పక్కన ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న ఉంది: "నీకు ఈత వచ్చా?"

తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రాత్రి కూర్చుని లెక్క పూర్తిచేశాక నవ్వు ఆగిపోయింది. అయిదు గంటలకు 340 చొప్పున నేను 1,700 మైళ్ళు పోయాను. తిరిగి వచ్చే వేగం 260. ఇంటికి 6 గంటల 32 నిమిషాలు. మొత్తం 11 గంటల 32 నిమిషాలు. తాకకూడని రెండు గంటలలో గంటా ముప్పై రెండు నిమిషాలు తినేశాను. ఇంటి దగ్గర గాలి ఇంకొంచెం పెరిగినా, రన్‌వే అరగంట మూతపడినా ఆ ఎర్ర సిరా ప్రశ్నకు నేను నీళ్ళలో జవాబు చెప్పవలసి వచ్చేది. అదే తప్పును ఎదురుగాలితో చేసి ఉంటే అయిదు గంటలకు 1,300 మైళ్ళు, తిరుగు ప్రయాణం 3 గంటల 49 నిమిషాలు, ఏ ప్రమాదమూ లేదు. ఎదురుగాలి కష్టపెడుతుంది, కానీ ఆ కష్టాన్ని దాచదు. వెనుకగాలి మాత్రం అప్పిచ్చేవాడిలాగా వెళ్ళేటప్పుడు నవ్వుతుంది.

మళ్ళీ పాఠంలోకి వస్తాను. తిరిగేటప్పుడు విమానం ఆరోగ్యంగా ఉంటుందని ఇంతవరకూ అనుకున్నాము. క్యాబిన్‌లో గాలి పీడనం పోయిందనుకోండి. సుమారు 10,000 అడుగులకు దిగి రావాలి. అక్కడ గాలి దట్టంగా ఉంటుంది కాబట్టి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, వేగం తగ్గుతుంది. అప్పుడు గంటలతో లెక్క కుదరదు, మైలుకు ఎన్ని కిలోలు అని చూడాలి. మన పది గంటల ఇంధనం 20,000 కిలోలు అనుకుంటే, ఎదురుగాలిలో వెళ్ళేటప్పుడు గంటకు 2,000 కిలోలు, మైలుకు 7.69 కిలోలు. కిందికి దిగి వచ్చేటప్పుడు గంటకు 2,400 కిలోలు, నేల మీది వేగం 300 అనుకుంటే మైలుకు 8 కిలోలు. రెండూ కలిపితే 15.69. మొత్తం ఇంధనాన్ని దానితో భాగిస్తే 1,275 మైళ్ళు. ఆరోగ్యంగా ఉన్న విమానానికి 5 గంటల 40 నిమిషాలన్న హద్దు దీనికి 4 గంటల 54 నిమిషాలకే వచ్చేసింది. ఒకే ప్రయాణంలో రెండు హద్దులుంటాయి. ఏది దేనికోసం గీసినదో పటం మీద రాసుకోవాలి.

రెండవ ఫిర్యాదు. ఈక్వల్ టైమ్ పాయింట్‌ను దీనితో కలిపేస్తారు. అక్కడి నుంచి ముందుకు పోయినా వెనక్కి పోయినా ఒకే సమయం పడుతుంది. దాని లెక్కలో ఇంధనం ఉండదు, మొత్తం దూరం ఉంటుంది. మన ఎదురుగాలి రోజున అది 2,070 ను 340 తో హెచ్చించి 600 తో భాగిస్తే వచ్చే 1,173 మైళ్ళ దగ్గర ఉంది. ఇంజన్ చెడితే ఎటు పోవాలో అది చెబుతుంది. గమ్యం మూతపడితే ఎప్పటిలోగా తిరగాలో పాయింట్ ఆఫ్ నో రిటర్న్ చెబుతుంది. ఒక్కోసారి రెండూ అక్కరకు రావు. 1956 అక్టోబరు 16న హోనొలులు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతున్న పాన్ అమెరికన్ వారి బోయింగ్ 377 విమానానికి సముద్రం మధ్యలో ఒక ఇంజన్ అదుపు తప్పింది, ఆపైన మరొకటి శక్తి కోల్పోయింది. ముందుకూ వెనక్కూ పోలేని స్థితిలో, అక్కడ కాపలా ఉన్న కోస్ట్‌గార్డ్ నౌక చుట్టూ తెల్లవారేదాకా తిరిగి నీళ్ళ మీద దిగింది. ఉన్న 31 మందీ బతికారు. నౌక అక్కడ ఉండటం వల్ల బతికారని నా అభిప్రాయం.

అంటార్కిటికా సంఘటన వేరే రకం. 2013 అక్టోబరు 7న న్యూజిలాండ్ వైమానిక దళపు బోయింగ్ 757 మెక్‌మర్డోకు వెళ్ళింది. హద్దు దాటేవరకూ అందిన సూచనలలో వాతావరణం బాగానే ఉంది. దాటిన తరువాత పొగమంచు కమ్మింది. తిరగడానికి ఇంధనం లేదు. చివరికి అనుమతించిన కనీస దృశ్యత కంటే తక్కువలోనే దిగవలసి వచ్చింది. ఎవరికీ గాయాలు కాలేదు. వారి గుణకారం తప్పలేదు. ఆ హద్దు దగ్గర తీసుకునే నిర్ణయం ఆ క్షణాన చేతిలో ఉన్న వాతావరణ సూచన మీద ఆధారపడుతుంది, దాని తరువాత వచ్చే సమాచారం తెలుసుకోవడానికే తప్ప తిరగడానికి పనికిరాదు.

అందుకే ఈ లెక్కను నేల మీద ఒకసారి చేసి జేబులో పెట్టుకోవడం చాలదు. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, ఒక్క ఉదాహరణతో ముగిస్తాను. వెనుకగాలి 40 నాట్లని చెప్పారు, 4 గంటల 20 నిమిషాలకు హద్దు అని పటం మీద గీశాము. రెండు గంటలకు 680 మైళ్ళు రావాలి, 720 వచ్చాము. కాక్‌పిట్‌లో అందరూ సంతోషిస్తారు, ముందుగా చేరతామని ఎవరో అంటారు. నావిగేటరు మాత్రం పెన్సిల్ తీయాలి. గాలి 60 నాట్లుంది. వెళ్ళే వేగం 360, వచ్చే వేగం 240. పదిని 240 తో హెచ్చించి 600 తో భాగిస్తే సరిగ్గా నాలుగు గంటలు. హద్దు ఇరవై నిమిషాలు ముందే వచ్చేసింది, 1,440 మైళ్ళ దగ్గర. తిరుగు ప్రయాణంలో గాలి ఎలా ఉంటుందన్నది అప్పటికీ అంచనాయే.

నాలుగు గంటలకు ఆ చోటికి చేరతాము. గమ్యం ఇంకా 630 మైళ్ళు, అంటే గంటా నలభై అయిదు నిమిషాలు. ఇల్లు ఆరు గంటలు. మెక్‌మర్డో నుంచి ఆఖరి వాతావరణ సూచన ఎన్ని గంటల క్రితం వచ్చిందో ఇప్పుడు అడగాలి.