రాత్రి పది గంటలకు నన్ను పడుకోమన్న యాప్

నమస్కారం. ఈ రోజు మాట్లాడబోయేది నిద్రకు, ధ్యానానికి డబ్బు కట్టి వాడుకునే ఒక యాప్ గురించి. దానికి ఏడాది చందాను ఆ సంస్థవారే నాకు ఉచితంగా ఇచ్చారు. దాని పేరు, ధర, ఫీచర్ల జాబితా ఈ వీడియోలో తెర మీద కనిపిస్తున్నాయి కనుక వాటిని మళ్లీ చదవను.

నేను రాయగడలో ఉంటాను, కాగితపు మిల్లులో పని చేస్తాను. ఒక వారం ఉదయం ఆరుకు ఎ షిఫ్టు, మరుసటి వారం మధ్యాహ్నం రెండుకు బి షిఫ్టు, ఆ పై వారం రాత్రి పదికి సి షిఫ్టు. ఈ యాప్‌లో నన్ను అన్నిటికంటే విసిగించినది నిద్రవేళ గుర్తు చేసే సదుపాయం. అది రోజుకు ఒకే సమయాన్ని అంగీకరిస్తుంది. ఎ షిఫ్టు వారంలో రాత్రి పది అని పెట్టుకున్న నేను దానిని మార్చడం మరచిపోయాను. తరువాత సి షిఫ్టు మొదటి రోజున, గేటు దగ్గర హాజరు వేస్తూ ఉండగా, జేబులోని ఫోను మోగి, మెత్తని గొంతుతో ఇక విశ్రమించే వేళయిందని చెప్పింది. వెనుక నిలబడిన సహోద్యోగి అయితే ఇంటికి వెళ్లిపోదామా అని అడిగాడు.

నవ్వుకుని ఊరుకునేవాణ్ణే కానీ, దాని నిద్ర లెక్క మరీ అన్యాయంగా ఉంది. సి షిఫ్టు వారంలో నేను ఉదయం ఎనిమిదికి పడుకుని ఒంటిగంటకు లేస్తాను, సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు మరో కునుకు తీస్తాను. మొత్తం ఆరున్నర గంటలు. ఈ యాప్‌కు రోజు మధ్యాహ్నం పన్నెండుకు ముగుస్తుంది కనుక, నా అయిదు గంటల నిద్రలో నాలుగు గంటలను నిన్నటి ఖాతాలోనూ, ఒక గంటను నేటి ఖాతాలోనూ వేసి, రెండు రోజులూ నిద్ర చాలలేదని ఎర్ర గీత గీసింది. పైగా ఈ లెక్కలన్నీ పరుపు మీద పెట్టిన ఫోను కదలికను, శబ్దాన్ని బట్టి కట్టిన అంచనాలే. పక్కన పిల్లవాడు దొర్లినా అది నా ఖాతాలోకే వస్తుంది. నిద్ర వచ్చినదీ లేనిదీ లేచాక నా ఒళ్లే నాకు చెబుతుంది కనుక, ఆ స్కోరును చూడడం మానేశాను.

ఇంతకు ముందు నేను యూట్యూబులో తెలుగు యోగనిద్ర వినేవాణ్ణి. శరీరంలో ఒక్కొక్క భాగం మీదకు దృష్టిని తీసుకువెళ్లే ఆ పద్ధతి నాకు బాగా సరిపోయింది. అందులో నిద్రపోవద్దని చెబుతారు, నేను ప్రతిసారీ నిద్రపోతాను, అది వేరే విషయం. అయితే మోకాళ్ల దాకా వచ్చి కళ్లు మూతలు పడుతున్న సమయంలో ఒక ప్రకటన గట్టిగా మోగి, పడ్డ శ్రమనంతా పాడు చేసేది. ఆ బాధ భరించలేక మెడిటోకు మారాను. లాభాపేక్ష లేని సంస్థ నడిపే ఆ యాప్‌లో ప్రకటనలు లేవు, చందా లేదు. నేను విన్న మాటలు ఇంగ్లీషులో ఉన్నా, నెమ్మదిగా ఉండడం వల్ల ఇబ్బంది కలగలేదు.

న్యాయంగా చెప్పాలంటే, డబ్బు కట్టే ఈ యాప్‌లో ఇరవై నిమిషాల ధ్యానం చివర గొంతు క్రమంగా సన్నగిల్లి, వాన చప్పుడులో కలిసిపోయే తీరు నిజంగా గొప్పగా ఉంది. మెడిటోలో నేను వాడిన ధ్యానాలు అంత సున్నితంగా ముగియవు.

పడుకునే వేళలో ఫోను మోగకుండా ఉండడానికి మాత్రం డబ్బు కట్టనక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోనులోని డిస్టర్బ్ చేయవద్దు సెట్టింగులో ఎ, బి, సి అని మూడు షెడ్యూళ్లు చేసి, ఆ వారానికి తగినదాన్ని మాత్రమే ఆన్ చేసుకుంటున్నాను. ఇంటివారి నంబర్లకు, మిల్లు నంబరుకు నక్షత్రం గుర్తు పెట్టి, ఆ కాల్సు మాత్రం మోగేలా అనుమతించాను. పదిహేను నిమిషాల లోపల అదే వ్యక్తి రెండోసారి చేస్తే మోగించే వీలు కూడా అక్కడే ఉంది.

ఉదయం షిఫ్టు దిగి ఇంటికి వచ్చేటప్పుడు కంటికి తగిలే ఎండ మెదడుకు తెల్లవారిందని చెబుతుంది. ఆ కబురును ఏ యాప్ కూడా వెనక్కి తీసుకోలేదు. నల్లద్దాలు, కిటికీకి మందపాటి పరదా, తెల్లవారుజామున మూడు తరువాత టీ మానడం నాకు ఏ ధ్యానం కన్నా ఎక్కువ పని చేశాయి.

కనుక వేళకు పడుకుని వేళకు లేచేవారికి ఈ చందా పనికి రావచ్చు, నేను మాత్రం సొంత డబ్బు పెట్టను. కొని చూడాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోండి: యాప్‌ను ఫోను నుంచి తొలగించినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోరులో మీ బొమ్మ మీద నొక్కి, Payments & subscriptions లోకి వెళ్లి, అక్కడ రద్దు చేయాలి. నేను నిన్ననే చేశాను.