95 డాలర్ల మాట, 82 డాలర్ల ధర

అందరికీ నమస్కారం. రెండు కంపెనీలు కలుస్తున్నాయని ప్రకటన వచ్చిన రోజు వాటి షేర్లు ఎలా కదులుతాయో ఒక్క ఉదాహరణతో చూద్దాం. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నడిపిస్తున్న మైక్రోసాఫ్ట్, వీడియో గేముల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొన్న కథ ఇది.

2022 జనవరి 18న ప్రకటన వచ్చింది. యాక్టివిజన్ షేరు ఒక్కోదానికి 95 డాలర్లు, అదీ పూర్తిగా నగదు. అంతకుముందు మార్కెట్ ముగిసేసరికి ఆ షేరు 65 డాలర్ల పైచిలుకు ఉంది. అంటే దాదాపు 45 శాతం ఎక్కువ ఇస్తామన్నారు. మరి ఆ రోజు షేరు 95కు ఎగబాకాలి కదా? ఎగబాకలేదు. 82 డాలర్ల దగ్గర ఆగిపోయింది.

చేతికి 95 ఇస్తామంటుంటే 82కే ఎందుకు అమ్ముకున్నారు? డబ్బు ఇవాళ రాదు, ఏడాదికి పైగా పట్టొచ్చు. అది చిన్న కారణం. పెద్ద కారణం, అసలు ఒప్పందం జరుగుతుందా అన్న అనుమానం. అమెరికా, బ్రిటన్, ఐరోపా నియంత్రణ సంస్థలు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే షేరు మళ్లీ 65కు పడుతుందని అనుకుందాం. జరిగితే 95, జరగకపోతే 65. ఈ రెంటి మధ్య తేడా 30 డాలర్లు. అందులో 17 డాలర్ల మేర ధర పైకి వచ్చింది. 17ను 30తో భాగిస్తే 57 శాతం. అంటే ఈ డీల్ జరగడానికి సగానికి కాస్త మించి అవకాశం ఉందని మార్కెట్ లెక్కగట్టిందన్నమాట. ఈ తేడా మీదే బతికేవాళ్లు ఉన్నారు, మెర్జర్ ఆర్బిట్రేజ్ ట్రేడర్లు. ఇలాంటి షేరును భయపడి అమ్మేవాళ్ల దగ్గర కొని, చివరిదాకా ఉంచుకుంటారు. వారెన్ బఫెట్ కూడా ఈ డీల్‌లో సరిగ్గా అదే పని చేశానని చెప్పారు.

ఈ లెక్కలో బలహీనమైన అంకె ఒకటుంది. అది 95 కాదు, 65. డీల్ చెడితే షేరు ఎక్కడికి పడుతుందో ఎవరికీ ముందే తెలియదు. 2023 ఏప్రిల్ 26న బ్రిటన్ నియంత్రణ సంస్థ ఈ కొనుగోలును అడ్డుకుంది. షేరు ఆ రోజు 11 శాతానికి పైగా పడింది. అయినా 70ల్లోనే నిలబడింది, 65కు రాలేదు. ఇంకా ఆశ మిగిలి ఉండటం ఒక కారణం. ఈలోగా కంపెనీ వ్యాపారమే మెరుగుపడటం మరో కారణం. డీల్ చెడితే మైక్రోసాఫ్ట్ కట్టాల్సిన 300 కోట్ల డాలర్ల పరిహారం కూడా ఉంది. జులై 11న అమెరికా కోర్టు అడ్డు చెప్పనన్నప్పుడు షేరు ఒక్కరోజే పది శాతం లేచింది. చివరికి అక్టోబర్ 13న డీల్ పూర్తయి, చేతిలో షేరు ఉన్నవాళ్లకు 95 అందింది.

ఇక కొన్న కంపెనీ సంగతి. ప్రకటన రోజు మైక్రోసాఫ్ట్ షేరు రెండున్నర శాతం దాకా తగ్గింది. "ఎక్కువ పెట్టి కొన్నారు, అందుకే మదుపరులకు కోపం వచ్చింది" అని తేల్చేయడం తేలిక. కానీ అదే రోజు నాస్డాక్ సూచీ కూడా దాదాపు అంతే పడింది. సూచీ పడినంత మేర తీసేస్తే మైక్రోసాఫ్ట్‌కు మిగిలేది దాదాపు సున్నా. అంతేకాదు, అదనంగా ఇచ్చిన ప్రీమియం మొత్తం సుమారు 2,300 కోట్ల డాలర్లు. మైక్రోసాఫ్ట్ విలువ అప్పట్లో రెండు లక్షల కోట్ల డాలర్లకు పైనే. ఆ ప్రీమియమంతా వృథా అయినా షేరు మీద పడే దెబ్బ ఒక శాతం. మామూలు రోజుల్లోనే ఆ షేరు అంత ఊగుతుంది. చిత్రమేమిటంటే, బ్రిటన్ అడ్డుకున్న రోజున మైక్రోసాఫ్ట్ ఏడు శాతం పెరిగింది. డీల్ తప్పిందన్న సంబరం కాదది, ముందు సాయంత్రం వచ్చిన త్రైమాసిక ఫలితాల ప్రభావం.

కొనే కంపెనీ నగదుకు బదులు తన షేర్లే ఇచ్చి కొంటే కథ మారుతుంది. ఆర్బిట్రేజ్ ట్రేడర్లు అమ్ముడయ్యే కంపెనీ షేరు కొంటూ, కొనే కంపెనీ షేరును షార్ట్ చేస్తారు, అంటే అరువు తెచ్చి అమ్మేస్తారు. ఆ అమ్మకాల ఒత్తిడికే కొనే కంపెనీ కొంత పడుతుంది. అది డీల్ మీద తీర్పని పొరబడకూడదు.

కానీ తీర్పే అయిన పతనమూ ఒకటుంది, మన ఊరిదే. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్, ప్రమోటర్ల కుటుంబానికే చెందిన మేటాస్ పేరుతో ఉన్న రెండు రియల్ ఎస్టేట్, నిర్మాణ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. న్యూయార్క్‌లో దాని షేరు సగానికి పైగా కూలింది. కొన్ని గంటల్లోనే ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. ధర ఎక్కువైందన్నదే బాధ అయితే, రద్దు చేశాక షేరు తేరుకోవాలి. తేరుకోలేదు. మర్నాడు ముంబైలో 30 శాతం దాకా పడింది. మదుపరులు అప్పటికి లెక్కవేస్తున్నది మేటాస్ విలువను కాదు, కంపెనీ డబ్బును యాజమాన్యం ఇంకెక్కడికి మళ్లించగలదన్న సంగతిని.