పేపర్ మీద వేసిన మార్కు పిల్లలకు ఏం చెబుతుంది?

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతులకు రాగానే చాలా ఇళ్లలో ఒక బేరం మొదలవుతుంది. ‘టెన్త్‌లో 550 దాటితే ఫోన్ కొనిస్తా’, ‘ఈసారి క్లాస్ ఫస్ట్ వస్తే సైకిల్’. స్కూల్లో అదే బేరం ర్యాంకుగానో, మంచి సెక్షన్‌గానో కనిపిస్తుంది. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా హోర్డింగుల మీద నవ్వుతున్న ఫొటోలు చెప్పేదీ అదే. ఇలా చదివిస్తే పిల్లల్లో చదవాలన్న కోరిక పెరుగుతుందా, తగ్గుతుందా? ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. మనస్తత్వశాస్త్రంలో దీనికి రెండు పెద్ద జవాబులున్నాయి. రెండూ ఒకదానితో ఒకటి గట్టిగా పోట్లాడుకున్నాయి కూడా.

మొదటిది బి.ఎఫ్. స్కిన్నర్ పేరుతో మనకు తెలిసిన ప్రవర్తనావాదం. ఒక పని చేశాక మంచి ఫలితం దక్కితే ఆ పని మళ్లీ చేస్తాం. బీఎడ్ చదివిన టీచర్లకు ఇది ‘పునర్బలనం’గా గుర్తుంటుంది. ఈ లెక్కన చదువుకు ఫోన్ జత చేస్తే చదవడం పెరగాలి. ఫోన్ ఆశ తీసేస్తే మెల్లగా పాత స్థాయికి, అంటే ఆశ పెట్టకముందు ఎంత చదివేవాడో అక్కడికి రావాలి. అంతకన్నా కిందికి దిగజారడానికి ఈ సిద్ధాంతంలో పెద్దగా కారణం కనిపించదు. ఈ మాట గుర్తుంచుకోండి, రెండు సిద్ధాంతాలూ విడిపోయేది ఇక్కడే.

రెండోది ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ పెంచి పోషించిన స్వయం నిర్ణయ సిద్ధాంతం. మనిషికి మూడు మానసిక అవసరాలు ఉంటాయని అది అంటుంది. నా పనిని నేనే ఎంచుకుంటున్నానన్న భావన, నాకు ఇది చేతనవుతోందన్న నమ్మకం, నా చుట్టూ నావాళ్లున్నారన్న భరోసా. ఇవి తీరే చోట అంతర్గత ప్రేరణ, అంటే పని మీద ఇష్టంతోనే ఆ పని చేయాలన్న కోరిక, దానంతట అదే పుడుతుంది. బయటి నుంచి ఇచ్చే ప్రతి బహుమతిలోనూ రెండు సంగతులు కలిసి ఉంటాయి. ‘నువ్వు ఇది బాగా చేశావు’ అన్న సమాచారం ఒకటి. ‘నేను చెప్పినట్టు చేస్తేనే ఇస్తా’ అన్న అదుపు ఇంకొకటి. పిల్లవాడి చెవికి ఏది గట్టిగా వినిపిస్తే ఫలితం అటు మొగ్గుతుంది. అదుపే వినిపిస్తే, అప్పటిదాకా ఇష్టంగా చేసిన పని కూడా కూలి పని అయిపోతుంది. కూలి ఆగితే పనీ ఆగుతుంది, పాత స్థాయి కన్నా కిందికి పోతుంది.

దీన్ని డెసి 1971లో పరీక్షించాడు. చిన్న చిన్న ఘనాలు అతికించి చేసిన ఏడు ముక్కలతో రకరకాల ఆకారాలు కట్టే సోమా పజిల్‌ను కాలేజీ విద్యార్థులకు ఇచ్చాడు. మొత్తం మూడు విడతలు. ఒక గుంపుకు రెండో విడతలో మాత్రం పరిష్కరించిన ఒక్కో పజిల్‌కు ఒక డాలర్ ఇచ్చాడు. రెండో గుంపుకు ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు. ప్రతి విడత మధ్యలో ఏదో సాకు చెప్పి 8 నిమిషాలు గది బయటికి వెళ్లేవాడు. గదిలో పత్రికలున్నాయి, పజిల్ ఉంది, ఏం చేసుకున్నా వాళ్లిష్టం. ఆ 8 నిమిషాల్లో పజిల్ మీద ఎంతసేపు గడిపారన్నదే కొలత. డబ్బు తీసుకున్నవాళ్లు మూడో విడతలో, డబ్బు లేనప్పుడు, మొదటి విడత కన్నా తక్కువసేపు దాన్ని ముట్టుకున్నారు. గుంపుకు పన్నెండు మందే కాబట్టి గణాంకాల పరంగా ఆ తేడా బలహీనమైనదే. బలం తర్వాతి ప్రయోగాల నుంచి వచ్చింది.

ప్రవర్తనావాదులు ఊరుకోలేదు. 1994లో కామెరాన్, పియర్స్ 96 ప్రయోగాలను కలిపి చూసి, బహుమతుల వల్ల జరిగే నష్టం చాలా తక్కువని, ప్రత్యేక పరిస్థితుల్లోనే కనిపిస్తుందని వాదించారు. 1999లో డెసి, కోస్ట్నర్, రయాన్ 128 ప్రయోగాలు లెక్కలోకి తీసుకుని జవాబిచ్చారు. ఈ గొడవలో మనకు పనికొచ్చేవి మూడు మాటలు. ముందే చెప్పి, షరతు పెట్టి ఇచ్చే వస్తువులూ డబ్బూ ఇష్టమైన పని మీద ఇష్టాన్ని తగ్గిస్తాయి. అనుకోకుండా ఇచ్చిన బహుమతి అలా తగ్గించదు. మొదటి నుంచీ విసుగు పుట్టించే పని విషయంలో పోగొట్టుకోవడానికి ఇష్టమే లేదు కనుక ఆ నష్టం కనబడదు. ఈ మూడోది ఇంట్లో చాలా పనికొస్తుంది, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇక మార్కులు. ఇక్కడ నేను అన్నిటికన్నా విలువిచ్చే ప్రయోగం రూత్ బట్లర్ 1988లో ప్రచురించినది. ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలు 132 మంది. పెద్ద పదంలోని అక్షరాలతో చిన్న పదాలు కట్టడం, ఆలోచనకు పదునుపెట్టే ఇంకో పని ఇచ్చారు. పేపర్లు తిరిగి ఇచ్చేటప్పుడు ఒక గుంపుకు మార్కు మాత్రమే, ఇంకో గుంపుకు వ్యాఖ్య మాత్రమే, మూడో గుంపుకు మార్కూ వ్యాఖ్యా రెండూ. వ్యాఖ్యలో ఏది బాగుందో, ఇంకేం ప్రయత్నించవచ్చో ఒకటి రెండు వాక్యాలు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లలో ఆసక్తి నిలిచింది. మార్కు మాత్రమే అందుకున్నవాళ్లలో, ముఖ్యంగా చదువులో వెనకబడ్డవాళ్లలో, ఆసక్తి పడిపోయింది. రెండూ ఇస్తే రెండు లాభాలూ వస్తాయని మనం అనుకుంటాం కదా? ఆసక్తి విషయంలో మూడో గుంపు మొదటి గుంపులాగే ఉంది. మార్కు కనబడగానే పిల్లవాడి చూపు ‘నేను ఎంత?’ మీదికి పోతుంది, ‘ఈ లెక్క ఎలా?’ వెనకబడుతుంది. బాగా చదివేవాళ్లకు మార్కు పెద్దగా హాని చేయలేదు, ఎందుకంటే వాళ్లకు మార్కు చెప్పేది ‘నీకు చేతనవును’ అనే. అందుకే మంచి మార్కులొచ్చే పిల్లల్ని చూపించి ‘మార్కులతోనే పట్టుదల వస్తుంది’ అంటే మొత్తం తరగతి సంగతి చెప్పినట్టు కాదు.

దీన్ని మన తొమ్మిదో తరగతిలోకి తెచ్చి చూద్దాం. ఒక అమ్మాయి అనుకోండి. గణితం ఎస్‌ఏ-1లో 80కి 52 వచ్చాయి. అందులో ఒక ప్రశ్న, x³ − 4x² + x + 6 కు x + 1 కారణాంకం అవుతుందో కాదో చూడమని. అమ్మాయి x = 1 పెట్టింది. 1 − 4 + 1 + 6, జవాబు 4. ‘కారణాంకం కాదు’ అని రాసింది. నిజానికి పెట్టాల్సింది x = −1. అప్పుడు −1 − 4 − 1 + 6, సున్నా వస్తుంది, కారణాంకమే. టీచర్ ఎర్ర ఇంకుతో అడ్డగీత గీసి సున్నా వేస్తే అమ్మాయికి అందే సంగతి ఒకటే, ‘రాదు’. కానీ ఆ జవాబులో శేష సిద్ధాంతం తెలుసన్న ఆధారం ఉంది, కూడికలు తీసివేతలు తప్పు పోలేదు, ఒక్క గుర్తు దగ్గర జారింది. ‘పద్ధతి సరిగ్గా పట్టుకున్నావు. x + 1 ఎప్పుడు సున్నా అవుతుందో చూసి మళ్లీ చెయ్యి’ అని రాస్తే ఆమె అప్పటికప్పుడు చేయగలిగే పని దొరుకుతుంది. డెసి చెప్పిన ‘నాకు చేతనవుతోంది’ అన్న నమ్మకం గాల్లోంచి రాదు, ఇలాంటి చోటు నుంచి వస్తుంది.

ఇప్పుడు ఇదే అమ్మాయికి వాళ్ల నాన్న ‘ఎస్‌ఏ-2లో 70 దాటితే ఫోన్’ అన్నాడనుకుందాం. ఆమె ఎక్కువసేపు కూర్చుంటుంది, ప్రవర్తనావాదం చెప్పింది నిజమే. కానీ ఏం చదువుతుంది? సుజాన్ హార్టర్ 1978లో ఆరో తరగతి పిల్లలకు అక్షరాల పజిల్స్ ఇచ్చి, కొందరికి ఇది ఆట అనీ, కొందరికి గ్రేడు ఇస్తామనీ చెప్పింది. గ్రేడు అన్నవాళ్లు తేలికైనవి ఎంచుకున్నారు. మన అమ్మాయి కూడా గైడులో ‘ఇంపార్టెంట్’ అని గుర్తుపెట్టినవి బట్టీపట్టి, కొత్తగా అడిగే లెక్కల జోలికి పోదు. మార్కు పెరగొచ్చు. x + 1 దగ్గర జారడం మాత్రం అలాగే ఉండిపోతుంది. మార్కు తప్ప ఏమీ చూడని ఇంట్లో ఈ తేడా ఎవరికీ కనబడదు. పదో తరగతి మెమోలో కొన్నేళ్లు జీపీఏ ఉంది, 2025 ఫలితాల్లో మళ్లీ మార్కులు వచ్చాయి. జీపీఏ అయినా మార్కు అయినా, పిల్లలు దాన్ని ఎలా వింటున్నారన్న ప్రశ్న మారదు.

బయటి ప్రేరణ అంతా ఒకటే రకమని మాత్రం అనుకోవద్దు. స్వయం నిర్ణయ సిద్ధాంతంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. ‘ఫోన్ కోసం చదువుతున్నా’ ఒక మెట్టు. ‘మార్కులు రాకపోతే అమ్మ ముఖం ఎలా చూడను’ ఇంకో మెట్టు. ఇక్కడ బయట ఎవరూ కొట్టనక్కర్లేదు, పిల్లవాడే లోపల తనను తాను కొట్టుకుంటాడు. టెన్షన్, నిద్ర పట్టకపోవడం ఎక్కువగా కనిపించేది ఇక్కడే. ‘కెమిస్ట్రీ నాకు ఇష్టం లేదు, కానీ నర్సింగ్ చెయ్యాలంటే కావాలి’ మూడో మెట్టు. ఇది కూడా బయటి ప్రేరణే, కానీ పిల్లవాడు దాన్ని తనదిగా చేసుకున్నాడు, పట్టు నిలుస్తుంది. ప్రతి పాఠం మీదా ఇష్టం పుట్టించడం ఎవరి వల్లా కాదు. మొదటి రెండు మెట్ల నుంచి మూడో దానికి చేర్చడం అవుతుంది. దానికి ‘ఎందుకు చదవాలి’ అని పిల్లలు అడిగినప్పుడు నిజమైన కారణం చెప్పాలి, ఏది ముందు చదవాలో వాళ్లనే తేల్చుకోనివ్వాలి.

మరి బహుమతి ఎప్పుడూ ఇవ్వకూడదా? అమెరికాలో ఆర్థికవేత్త రోలండ్ ఫ్రయర్ పెద్ద ఎత్తున చేసిన ప్రయోగాలు 2011లో అచ్చయ్యాయి. షికాగోలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఐదు సబ్జెక్టుల్లో ఒక్కోదానికి ఏ గ్రేడుకు 50 డాలర్లు, బీకి 35, సీకి 20 ఇచ్చారు. పరీక్షల్లో వాళ్ల సామర్థ్యం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. డల్లాస్‌లో చిన్న పిల్లలకు చదివిన ఒక్కో పుస్తకానికి 2 డాలర్లు ఇస్తే, ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్లో చదివి అర్థం చేసుకోవడం మెరుగైంది. పుస్తకం చదవడం పిల్లవాడి చేతిలో ఉంది, గ్రేడు తెచ్చుకోవడం ఎలాగో చాలామందికి తెలియదు. పరీక్షల ఫలితాలకు డబ్బు ఇచ్చిన చోట పిల్లల్ని డబ్బు ఎక్కువ రావాలంటే ఏం చేస్తారని అడిగితే, ఎక్కువ మంది పరీక్ష రాసే చిట్కాలు చెప్పారు తప్ప, అర్థం కానిది టీచర్‌ను అడుగుతామని చెప్పలేదు. కాబట్టి పిల్లవాడికి బొత్తిగా ఇష్టం లేని పని ఉంటే, ఉదాహరణకు హిందీ అక్షరాలు దిద్దడం, చేసిన పనికి చిన్న బహుమతి పెట్టండి, నష్టం లేదు. ఇష్టంగా బొమ్మలు వేసేవాడికి, కథలు చదివేవాడికి వాటి మీద పందెం పెట్టొద్దు.

టీచర్లు అడిగే ప్రశ్న నాకు తెలుసు. తరగతిలో యాభై మంది ఉంటే వ్యాఖ్యలు రాసే తీరిక ఎక్కడిది? అన్ని పేపర్లకూ రాయనక్కర్లేదు. ఒక్కో స్లిప్ టెస్టుకు పది పేపర్లు తీసుకుని ఒక్కొక్క ప్రశ్న మీద ఒక్క వాక్యం రాయండి, తర్వాతి టెస్టుకు ఇంకో పది. మార్కు రిజిస్టర్లో వేసుకోండి, పేపర్ మీద ఆ రోజు వేయొద్దు. తప్పు సరిదిద్ది తిరిగి ఇచ్చాక చెప్పండి.

తల్లిదండ్రులకు డెసి వాడిన కొలతే చాలు. పరీక్షలు అయిపోయిన వారం, ఎవరూ చదవమనని మధ్యాహ్నం, పిల్లవాడు ఏ పుస్తకం తీస్తాడో, దేని గురించి తనంతట తాను మాట్లాడతాడో చూడండి. ఒక్క రోజు చూసి తేల్చుకోవద్దు, అలసిపోయిన పిల్లవాడు ఏదీ తీయడు. రెండు మూడు వారాలు చూశాక కూడా నిరుడు ఇష్టంగా చేసిన పని జోలికి పోవడం లేదంటే, ఈ ఏడాది దాని మీద మనం ఏ షరతు పెట్టామో అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టండి.