ఎపిసోడ్ 41: ఆ ‘మాత్రం’ తీసెయ్

కిరణ్: నమస్తే, మళ్లీ వచ్చాం. పోయిన వారం ఎందుకు రాలేదని అడక్కండి, అక్కకి రిటర్నుల గోల.

మాధవి: నీకు చట్నీ గోల.

కిరణ్: చట్నీ మాట ఎత్తొద్దని ఒప్పందం కదా. సరే, ఈరోజు సంగతి: ఇద్దరు ఫ్రెండ్స్ పెట్టిన కంపెనీలో వాటాలు, ఎవరి పని ఏంటన్నది మళ్లీ మాట్లాడుకుందామని కో-ఫౌండర్‌కి మెయిల్ రాయడం ఎలా. మాదాపూర్ నుంచి ఒక తమ్ముడు తన డ్రాఫ్ట్ పంపాడు. పేరు చెప్పను. కంపెనీ పెట్టి 14 నెలలు. 10,000 షేర్లు, చెరో 5,000. ఇతను ఉద్యోగం మానేసి 11 నెలలైంది, ఫ్రెండ్ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు, సాయంత్రాలూ ఆదివారాలూ వస్తాడు.

మాధవి: షేర్లు బదిలీ చేసే ఫారం, ఎస్‌హెచ్-4 మీద సంతకాలు ఏమైనా పెట్టారా?

కిరణ్: ఇంకా మెయిలే పంపలేదక్కా! చదువుతా విను. “నేను ఉద్యోగం మానేసి 11 నెలలైంది. నువ్వు మాత్రం ఇంకా జీతం తీసుకుంటున్నావు. కస్టమర్ల ఫోన్లన్నీ నేనే ఎత్తుతున్నాను. 70-30 న్యాయమని నాకనిపిస్తోంది. ఆలోచించి చెప్పు.” కిందే వాళ్ల ఆడిటర్‌కి సీసీ.

మాధవి: అయ్యో.

కిరణ్: నాకైతే బానే ఉంది. ఉన్నమాటే రాశాడు. అబద్ధం ఒక్కటైనా ఉందా?

మాధవి: అబద్ధం లేదు, ‘మాత్రం’ ఉంది. ఆ ఒక్క మాట తీసేసి చదువు. “నువ్వు ఇంకా ఉద్యోగంలో ఉన్నావు.” ఇది సమాచారం. “నువ్వు మాత్రం” అన్నావంటే చార్జిషీటు. ‘నేనే’ కూడా అంతే. “ఫోన్లు నేను చూస్తున్నాను” అంటే పని, “నేనే చూస్తున్నాను” అంటే ఏడుపు.

కిరణ్: ఒక మాటకి ఇంత కథా? మరీ అంత సున్నితమైనవాళ్లు కంపెనీ ఎందుకు పెట్టినట్టు?

మాధవి: నీ చట్నీ వ్యాపారంలో నీ పార్టనర్‌కి నువ్వు రాసిన మెయిల్లో ఎన్ని ‘మాత్రం’లు ఉన్నాయి?

కిరణ్: ...అది వేరే.

మాధవి: చెప్పు.

కిరణ్: మూడు. తర్వాత లెక్కపెట్టుకున్నా. వాడు తిరిగి రాసిన మెయిల్లో ‘మీరు’ అన్నాడక్కా. పదేళ్ల నుంచి ‘రా’ అనే మనిషి. వాటాల లెక్క కంటే అదే ఎక్కువ తగిలింది. సరేలే, నా సంగతి వదిలెయ్.

మాధవి: వదిలేశా. ఆ సీసీ ఎందుకు పెట్టాడు?

కిరణ్: రేపు మాట మార్చకుండా సాక్ష్యం ఉంటుందని. అందులో తప్పేముంది?

మాధవి: నేను ఆడిటర్ని, అలాంటి సీసీలు నాకూ వస్తాయి. చూడగానే నాకే టెన్షన్. అవతలివాడు దాన్ని లీగల్ నోటీసులాగే చదువుతాడు, మరుసటి రోజు వాడూ తన ఆడిటర్ని పెడతాడు. మొదటి మెయిల్ ఇద్దరి మధ్యే ఉండాలి. సాక్ష్యం అంటావా, మెయిల్‌కి తేదీ ఉంటుంది కదా, చాలు.

కిరణ్: సరే, ఒప్పుకుంటా. అంకె మాత్రం... నవ్వకు, ఇది మామూలు ‘మాత్రం’. అంకె మొదటి మెయిల్లోనే ఉండాలి. “కూర్చుని మాట్లాడుకుందాం” అని ఊరుకుంటే అవతలివాడికి ఆ వారమంతా నిద్ర పట్టదు.

మాధవి: అంకె ఉండాలి, కానీ 70-30 కాదు. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇతనే చెప్పలేడు. తీర్పులా కాకుండా ఒక లెక్క ఇవ్వాలి. ఇలా అనుకో. ఇప్పుడున్న 5,000, 5,000 కదపడు. వాటిని 48 నెలల పనికి ముడిపెడతాడు, పనిచేసిన ప్రతి నెలకీ దాదాపు 104 షేర్లు ఖాయమవుతాయి. గడిచిన 14 నెలలు ఇద్దరికీ పూర్తిగా లెక్కే.

కిరణ్: ఆగు. అతను 11 నెలలు జీతం లేకుండా ఉన్నాడు, అవతలివాడు ఆదివారాలు వచ్చాడు, అయినా సమానమేనా?

మాధవి: సమానమే. 50-50 అని చేతులు కలిపినప్పుడు ఎవరూ షరతు పెట్టలేదు. ఇప్పుడు పాతది తవ్వితే నీ చట్నీ ఎపిసోడే.

కిరణ్: అక్కా!

మాధవి: అంటే చెరో 1,458 ఖాయం, చెరో 3,542 మిగిలాయి. వచ్చే నెల నుంచి పూర్తిగా పనిచేసేవాళ్లకి నెలకి నెల, ఉద్యోగం చేస్తూ వచ్చేవాళ్లకి నెలకి అర నెల. ఫ్రెండ్ ఆరు నెలల్లో ఉద్యోగం మానేసి వచ్చేశాడనుకో, పోయేవి 312 షేర్లు. అవి ఇతనికొస్తే దాదాపు 53-47. అసలు రాలేదనుకో, మిగతా 34 నెలల్లో 1,771 పోతాయి, అప్పుడు 68-32 దగ్గర తేలుతుంది.

కిరణ్: అంటే ఇతను అడిగిన 70-30కే దగ్గరగా వచ్చిందిగా!

మాధవి: వచ్చింది. కానీ అది ఫ్రెండ్ తన ఉద్యోగం గురించి తీసుకునే నిర్ణయం బట్టి వచ్చింది, ఇతను వేసిన మార్కుల వల్ల కాదు. అదే లెక్క ఇతనికీ వర్తిస్తుందని మెయిల్లో రాయాలి. రేపు ఇంట్లో ఇబ్బందై ఇతనే ఉద్యోగంలో చేరితే ఇతనికీ అర నెలే. ఆ వాక్యం లేకపోతే మిగతాదంతా ఎంత తియ్యగా రాసినా నమ్మరు.

కిరణ్: మరి ఫ్రెండ్ చేసింది కూడా రాయాలా? “నువ్వు లేకపోతే ఈ కంపెనీ లేదు రా” టైపులో?

మాధవి: అది సోపు. “మొదటి కస్టమర్ నీ ద్వారా వచ్చాడు, సర్వర్ బిల్లు ఎనిమిది నెలలు నీ కార్డు మీద వెళ్లింది” అని రాయి. ఆ బిల్లు కంపెనీ అతనికి ఇవ్వాల్సిన అప్పు, వాటాతో కలపొద్దు. డబ్బు డబ్బుగా తీర్చాలి.

కిరణ్: ఇది నాకెవరూ చెప్పలేదు. మేం లాప్‌టాప్ డబ్బుల్ని కూడా పర్సెంటేజీలోకి లాక్కొచ్చాం.

మాధవి: ఇక ఎస్‌హెచ్-4.

కిరణ్: వచ్చేసింది.

మాధవి: రావాలి! ఫ్రెండ్ మెయిల్లో “సరే రా” అన్నంత మాత్రాన షేర్లు కదలవు. ముందు అగ్రిమెంట్, కంపెనీ నియమాలుండే ఆర్టికల్స్‌లో కూడా అదే మాట. షేర్లు మారే రోజున ఎస్‌హెచ్-4, సంతకం పెట్టిన 60 రోజుల్లోపు కంపెనీకి చేరాలి. ఇంకోటి, ఇదంతా ఇన్వెస్టర్ డబ్బు రాకముందే తేల్చుకోవాలి. ఇప్పుడు బ్యాంకులో ఏమీ లేదు, షేరు విలువ తక్కువ. రేపు కోట్లు పడ్డాక అదే షేరు ముఖవిలువకి తీసుకుంటే, అసలు విలువకీ కట్టిన ధరకీ తేడా 50,000 దాటితే తీసుకున్నవాడి ఆదాయంగా లెక్కేసి పన్ను అడుగుతారు.

కిరణ్: ఎవరు ఏ పని చూడాలన్నది మర్చిపోయాం. అసలు టాపిక్‌లో సగం అదే.

మాధవి: రెండు ముక్కల్లో. ధరలూ అమ్మకాలూ ఒకరివి, ప్రొడక్టూ మనుషుల్ని తీసుకోవడమూ ఇంకొకరివి, కుదరనప్పుడు ఆ పని ఎవరిదైతే వాళ్ల మాటే చెల్లాలి. 50-50లో ఇది ముఖ్యం, మామూలు తీర్మానానికి సగం కంటే ఎక్కువ ఓట్లు కావాలి, సరిగ్గా సగం ఉంటే ఏదీ పాసవదు. సీఈఓ అని ఎవరి కార్డు మీద ఉండాలో తర్వాత కొట్టుకోవచ్చు.

కిరణ్: సబ్జెక్ట్ లైన్ ఏం పెట్టాలి? ఇతను “ఈక్విటీ రీస్ట్రక్చరింగ్ ప్రపోజల్” అని పెట్టాడు.

మాధవి: ఇద్దరే ఉన్న కంపెనీకి అదేం పేరు! “వాటాలు, పనులు: నా ఆలోచన, నీది కూడా కావాలి.” చివర్లో “ఆలోచించి చెప్పు” తీసేసి, “ఇందులో నీకు తప్పనిపించింది దిద్ది పంపు, ఆదివారం కూర్చుందాం” అని.

కిరణ్: ఆదివారం నిజంగా కూర్చుంటే ఎక్కడ? ఆఫీసులో వద్దు, నేను...

మాధవి: ఇంట్లోనూ వద్దు. చాయ్ దగ్గర.

కిరణ్: మేం చాయ్ దగ్గరే కూర్చున్నాం. రెండు చాయ్‌లూ చల్లారిపోయాయి, బిల్లు ఎవరివి వాళ్లం ఇచ్చుకున్నాం.

మాధవి: వాడితో మాట్లాడావా మళ్లీ?

కిరణ్: సంక్రాంతికి ఒక ఫార్వర్డ్ మెసేజ్ వచ్చింది. నేనూ ఒకటి ఫార్వర్డ్ చేశా.

మాధవి: ఆ సర్వర్ బిల్లు లాంటివి ఏమైనా మిగిలాయా మీ మధ్య? ఉంటే అది ముందు...

కిరణ్: ఒక్క నిమిషం. వాచ్‌మన్ కింద నుంచి అరుస్తున్నాడు, నీ కారు ఎవరికో అడ్డం ఉందట.

మాధవి: నాది కాదు, నేను ఆటోలో వచ్చా.

కిరణ్: అయితే నాదే. రికార్డింగ్ ఆపకు, వస్తా... కాదు, ఆపెయ్.