వెడల్పు మానిటర్‌లో మన ఫోటో వాల్‌పేపర్: హంసలు ఎక్కడికి పోయాయి?

నమస్తే అందరికీ. ఈ 29 అంగుళాల వెడల్పు మానిటర్‌ను నాకు రివ్యూ కోసం ఉచితంగా పంపారు, ముందే చెప్తున్నా. పోర్టులు, రిఫ్రెష్ రేటు అవన్నీ మీరు ఇప్పటికే చూసి ఉంటారు. హనుమకొండలో మా ఇంట్లో వారం వాడాక నేను మాట్లాడాలనుకున్నది వాల్‌పేపర్ గురించే.

ఇదిగో, వరంగల్ కోటలో కాకతీయ తోరణం. పొద్దున్నే పోయి ఫోన్‌తో తీసిన, 4000 బై 3000 ఫోటో. నా పాత మానిటర్ 1920 బై 1080, అందులో వాల్‌పేపర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ మొత్తం నింపే ఫిల్ ఆప్షన్ పెడితే ఫోటోలో నాలుగో వంతు పోయేది, పోయింది ఆకాశం, గడ్డి కాబట్టి నేను పట్టించుకోలేదు. ఇది 2560 బై 1080. అదే ఫోటో, అదే ఫిల్, కానీ పైన దూలం మీద హంసలు లేవు చూడండి! మొదటి రోజు నాకు చాలా బాధేసింది. ఏం జరుగుతుందంటే, ఫిల్ ముందు ఫోటోను 2560 వెడల్పుకు సరిపెడుతుంది, దాంతో ఎత్తు 1920 అవుతుంది, స్క్రీన్‌లో పట్టేది 1080 మాత్రమే. మిగతా 840, అంటే దాదాపు 44 శాతం, కనబడకుండా పోతుంది.

స్ట్రెచ్ పెడితే హంసలు వస్తాయి కానీ స్తంభాలు లావుగా, పొట్టిగా అయిపోతాయి, నేనైతే ఒక్క నిమిషం కూడా చూడలేకపోయా.

ఫిట్ పెట్టండి. తోరణం మొత్తం 1440 వెడల్పులో నిలబడుతుంది, రెండు పక్కలా 560 చొప్పున ఖాళీ. ఆ ఖాళీకి రంగు అక్కడే సెట్టింగ్స్‌లో ఎంచుకోవచ్చు, నేను ఫోటోలోని ఆకాశం రంగుకు దగ్గరగా ఉన్న బూడిద నీలం పెట్టాను. ఐకాన్లన్నీ ఎడమ పక్క ఖాళీలో కూర్చున్నాయి, ఫోటో మీద ఒక్కటి కూడా లేదు, ఇది నాకు భలే నచ్చింది!

ఖాళీ వద్దు, స్క్రీన్ నిండాలి అంటే ఫోటోను ముందే 4000 బై 1688కి మీరే కట్ చేసుకోండి. అప్పుడు ఏది పోవాలో మీరే నిర్ణయిస్తారు, ఫిల్‌కు కోయడానికి ఏమీ మిగలదు.

ఇంతకుముందు రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టి, ఒకే ఫోటోను రెండింటి మీదా పరిచే స్పాన్ వాడేవాణ్ణి. తోరణం సరిగ్గా రెండు ఫ్రేముల మధ్య విరిగేది. స్పాన్‌కు మధ్యలో ఏమీ లేని ఫోటోలే బాగుంటాయి, మా భద్రకాళి చెరువు గట్టు ఫోటో అలా చక్కగా కుదిరింది.

నాన్న పాత ఫోటో స్కాన్ ఒకటుంది, 800 బై 600. ఫిల్‌లో ముఖం మసకబారింది, సైజు మార్చకుండా మధ్యలో పెట్టే సెంటర్‌లో చిన్నగా ఉన్నా కళ్ళు స్పష్టంగా ఉన్నాయి. ఒకే బొమ్మను పక్కపక్కన పేర్చే టైల్ మాత్రం వరంగల్ దర్రీ డిజైన్‌కు పెట్టి చూశా, అంచులు కలిసేలా కత్తిరించకపోతే ప్రతి ముక్క దగ్గరా గీత కనబడుతుంది.

నా మాట అయితే, ఈ మానిటర్ నా టేబుల్ మీదే ఉంటుంది. ఫోన్ నిలువుగా పట్టి తీసిన ఫోటోలే ఎక్కువ పెట్టుకునేవాళ్ళు మాత్రం మామూలు వెడల్పుదే తీసుకోండి.